ఎక్కువ డివిడెండ్ చూసి షేరు కొనే ముందు

- ఈల్డ్ 8 శాతం కనిపిస్తే ముందు ధరల చార్ట్ చూడండి. ధర 100, ఏడాది డివిడెండ్ 4 ఉన్నప్పుడు ఈల్డ్ 4 శాతమే. ధర 50కి పడితే అదే 8 అవుతుంది. కంపెనీ అదనంగా ఇచ్చిందేమీ లేదు.

- ఒక్కసారికి ఇచ్చిన స్పెషల్ డివిడెండ్‌ను లెక్కలోంచి తీసేయండి.

- తర్వాత పేఅవుట్ రేషియో. షేరుకు లాభం 5 ఉంటే, 4 పంచడం 80 శాతం. లాభం 3.20కి తగ్గితే అదే 125 శాతం. అంటే పాత నిల్వల్లోంచో, అప్పు తెచ్చో ఇస్తున్నట్టే.

- లాభం కాగితం మీదే ఉండొచ్చు, అందుకే నాకు నగదు లెక్కే ముఖ్యం. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి యంత్రాలు, భవనాల ఖర్చు తీసేయండి. ఏటా షేరుకు 3 మాత్రమే మిగులుతుంటే ఆ 4 ఎక్కువ కాలం నిలవదు.