గ్రాంట్ ఫారంలో 1500 క్యారెక్టర్లలో ప్రాజెక్ట్ వివరణ పట్టించడం ఎలా?

బెంగళూరులో తెలుగు పిల్లల కోసం తరగతులు, చిన్న లైబ్రరీలు నడిపేవాళ్లకు గ్రాంట్ దరఖాస్తులు రాసిపెట్టడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. మంచి పని చేసేవాళ్లు కూడా ప్రతిసారీ ఒకేచోట ఇరుక్కుంటారు. 'ప్రాజెక్ట్ వివరణ' అనే పెట్టె, దాని కింద '1500 క్యారెక్టర్లు, స్పేసులతో కలిపి' అనే షరతు. చివరి తేదీ రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అక్కా, ఇంకా నూట అరవై ఎక్కువున్నాయి, స్పేసులు తీసేస్తున్నాను" అంటారు. దయచేసి స్పేసులు తీయకండి. చదివే మనిషి కళ్లకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

కావలసినవి రెండే: గూగుల్ షీట్స్, ఒక గంట తీరిక. వివరణను ఫారంలో నేరుగా టైప్ చేయవద్దు, మధ్యలో లాగౌట్ అయితే రాసిందంతా పోతుంది. ముందు షీట్‌లో A1 గడిలో, లెక్క చూసుకోకుండా, చెప్పాల్సిందంతా రాసేయండి. మొదటి వాక్యం నుంచే అంకె చూసుకుంటూ రాసేవాళ్లు ముందుమాటకే సగం ఖర్చు చేసి, అసలు పనిని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఎక్కువ రాసి కోయడమే పద్ధతి. వేరేచోట రాసి తెస్తుంటే ఆ గడిమీద రెండుసార్లు క్లిక్ చేసి, లోపల కర్సర్ కనబడ్డాకే పేస్ట్ చేయండి. లేకపోతే ఒక్కో పేరా ఒక్కో గడిలోకి పోతుంది, లెక్క తప్పుతుంది. పక్క గడిలో ఇది పెట్టండి, A1లో ఎన్ని క్యారెక్టర్లున్నాయో చెబుతుంది:

```
=LEN(A1)
```

ఇక అసలు చిక్కు. తెలుగులో కంటికి కనబడే అక్షరం వేరు, కంప్యూటర్ లెక్కించే క్యారెక్టర్ వేరు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు. గుణింతానికి ఒకటి, వత్తు ఇస్తే రెండు, సున్నాకు ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది. 'విద్యార్థులు' అంటే 12, 'పిల్లలు' అంటే 7. కాబట్టి పేజీ చూసి "ఇంతే కదా, పట్టేస్తుంది" అనుకోవద్దు.

ఫారం దేన్ని లెక్కిస్తోందో ముందే పరీక్షించాలి. ఖాళీ పెట్టెలో స్త్రీ అని టైప్ చేసి కింది అంకె చూడండి. 6 పెరిగితే షీట్స్ లెక్క, ఫారం లెక్క ఒకటే, హాయిగా ముందుకెళ్లండి. 18 పెరిగితే ఆ ఫారం బైట్లు లెక్కిస్తోందని అర్థం. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. అప్పుడు 1500లో మీకు దొరికేది దాదాపు 500, స్పేసులు, అంకెలు ఒక్కొక్కటే కాబట్టి ఇంకాస్త ఎక్కువ. అలాంటప్పుడు కుస్తీ పట్టకుండా నిధులిచ్చే వాళ్లకు మెయిల్ రాసి అడగండి, లేదా ఫారం ఒప్పుకుంటే ఇంగ్లిష్‌లో రాయండి.

తర్వాత అదే పెట్టెలో ఒకసారి ఎంటర్ కొట్టండి. అంకె ఒకటి పెరిగినా నమ్మవద్దు. తెరమీద ఒకటిగా కనబడిన ఎంటర్, సబ్మిట్ చేశాక అవతలి కంప్యూటర్‌కు రెండు క్యారెక్టర్లుగా చేరడం మామూలే. నాకిది ఒక ట్రస్టు ఫారంలో తెలిసొచ్చింది. తెరమీద 1498 చూపించింది, సబ్మిట్ కొడితే పరిమితి దాటిందని ఎర్ర అక్షరాలు. నాలుగు పేరాల మధ్య ఖాళీ లైన్లు వదిలాను, అంటే ఆరు ఎంటర్లు, మరో ఆరు క్యారెక్టర్లు. గడువు ఇంకా పది నిమిషాలే. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు. అందుకే నా నియమం: 1500 అంటే 1470 దగ్గర ఆగిపోవాలి. ఖాళీ లైన్లు వద్దు, బుల్లెట్లు అసలే వద్దు.

కంటికి కనబడని గుర్తు ఇంకొకటుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా కీబోర్డు ఒక గుర్తు పెడుతుంది. అదీ ఒక క్యారెక్టరే. దాన్ని తీసేస్తే మాట రూపం చెడుతుంది, అందుకని అక్కడ పొదుపు చేయవద్దు. మాటనే మార్చండి.

ఇప్పుడు కోత. సర్జాపూర్ రోడ్డు వైపు రేకుల షెడ్లలో ఉండే భవన కార్మికుల పిల్లలకు సాయంత్రాలు తెలుగు నేర్పే ఒక చెల్లి మొన్న తన వివరణ పంపింది. షీట్‌లో 1912 వచ్చింది. 412 తగ్గాలి. ఆమె అప్పటికే 'మరియు'లు, కామాలు ఏరడం మొదలుపెట్టింది. అలా ఏరితే ముప్పై తగ్గుతాయి, వాక్యాలు మాత్రం కుంటుతాయి. కోయాల్సింది అక్షరాలను కాదు, పనిలేని వాక్యాలను.

మొదటి పేరా మొత్తం చదువు గొప్పదనం గురించి. చదువు గొప్పదని నిధులిచ్చే వాళ్లకు తెలుసు. తీసేశాం, 236 పోయాయి, 1676. పుస్తకాలకింత, అద్దెకింత అని రెండు వాక్యాలున్నాయి. బడ్జెట్‌కు కిందే వేరే పెట్టె ఉంది. తీసేశాం, ఇంకో 118 పోయి 1558. ఆ తర్వాత క్రియల దగ్గరికి వచ్చాం. తెలుగు దరఖాస్తుల్లో ఎక్కువ చోటు మింగేది అక్కడే. ఆమె రాసింది ఇది:

"మా సంస్థ ద్వారా వలస కార్మికుల పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పించే కార్యక్రమాన్ని నిర్వహించడం జరుగుతుంది."

ఇది 107. ఇందులో 'నేర్పించే కార్యక్రమాన్ని నిర్వహించడం జరుగుతుంది' ఒక్కటే 47. 'నేర్పుతాం' అంటే 9. అర్థంలో పిసరంత తేడా లేదు. పిల్లలెవరో ముందు వాక్యంలోనే చెప్పింది కాబట్టి ఇలా మార్చాం:

"40 మంది పిల్లలకు వారానికి 3 సాయంత్రాలు తెలుగు చదవడం, రాయడం నేర్పుతాం."

ఇది 69. చోటు తగ్గింది, పైగా ఎంతమందికి, వారానికి ఎన్నిసార్లు అన్న రెండు కొత్త సంగతులు చేరాయి. 'చేపట్టడం జరిగింది', 'అందించబడుతుంది' లాంటివి ఇంకో మూడుచోట్ల దొరికాయి. అన్నీ కలిపి 92 తగ్గి 1466కు వచ్చింది.

ఎంత ఇరుకైనా నాలుగు సంగతులు కోయకూడదు: ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్లు, చివర్లో ఏం మారుతుంది. ఆ చెల్లి చోటు చాలదేమోనని "ఏడాది తర్వాత ప్రతి పిల్లా మూడో తరగతి వాచకం తడుముకోకుండా చదవాలి" అన్న వాక్యాన్ని కొట్టేసింది. తిరిగి పెట్టించాను. అంకెలు మాత్రం అంకెల్లోనే రాయండి. 'నలభై' అంటే నాలుగు, '40' అంటే రెండు.

పేస్ట్ చేశాక కింది అంకె ఒక్కటే చూసి వదిలేయవద్దు. చాలా ఫారాలు పరిమితి దాటినదాన్ని చెప్పాపెట్టకుండా తోకదగ్గర కత్తిరిస్తాయి, అంకె సరిగ్గా 1500 దగ్గర బుద్ధిగా నిలబడి ఉంటుంది. అందుకని పెట్టెలో అట్టడుగుకు వెళ్లి ఆఖరి వాక్యం చదవండి. తర్వాత పెట్టెలోని మొత్తాన్ని కాపీ చేసి షీట్‌లో A2లో పెట్టి LEN మళ్లీ చూడండి. రెండు అంకెలూ కలవాలి. సబ్మిట్ అయ్యాక వచ్చే పీడీఎఫ్‌లోనూ అదే చివరి వాక్యం, చివరి చుక్కతో సహా ఉందో లేదో చూసుకుని, అప్పుడు ల్యాప్‌టాప్ మూయండి.