ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని పెంచితే ఇంకా ఆలస్యమవుతోందా? సమస్య - పరిష్కారం

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో నలుగురైదుగురితో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ టీంను నడుపుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. పెద్ద కంపెనీలో నలుగురు ఎక్కువైనా తక్కువైనా కొన్నాళ్లు తెలియదు, చిన్న టీంలో ఆ దెబ్బ రెండో వారానికే తగులుతుంది.

మాట్లాడుకోవడానికి ఒక ప్రాజెక్టు పెట్టుకుందాం. అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి, మీ దగ్గర వేరే ఉంటాయి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు ఒక టీం సాఫ్ట్‌వేర్ చేస్తోంది. గేటు దగ్గర లారీ ఎంట్రీ, వేబ్రిడ్జి తూకం, తూకం చీటీ, లాట్ల స్టాకు, మర ఆడించిన లెక్క, చివరికి కస్టమ్ మిల్డ్ రైస్ లెక్క, అంటే ప్రభుత్వం ఇచ్చిన వడ్లు మర ఆడించి తిరిగి ప్రభుత్వానికి ఇవ్వాల్సిన బియ్యం లెక్క. టీంలో నలుగురున్నారు. ఇంకా 32 మనిషి-వారాల పని మిగిలింది, అంటే నలుగురికి ఎనిమిది వారాలు. వానాకాలం వడ్లు మిల్లు గేటు ముందుకు రావడానికి ఆరు వారాలే ఉంది. ఓనర్ ఏమంటాడు? "ఇంకో నలుగురిని వేస్తా, నాలుగు వారాల్లో అయిపోతది కదా" అంటాడు. కాగితం మీద ఆ భాగహారం తప్పు కాదు, అందుకే ఎవరూ ఎదురు చెప్పలేరు.

లక్షణం: మనుషులు పెరిగారు, పని కదలడం లేదు

కొత్తవాళ్లు వచ్చిన పది రోజులకు ఇవి కనిపిస్తాయి. పొద్దున పావుగంటలో అయిపోయే మీటింగు ముప్పావుగంట దాటుతుంది. రివ్యూ కోసం తెరిచి పెట్టిన కోడు మూడు రోజులైనా అట్లనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని చూడగలిగేవాళ్లు ఆ పాత నలుగురే. ఒకే ఫైలును ఇద్దరు మార్చి మెర్జ్ దగ్గర కొట్టుకుంటారు. మూసేసిన బగ్గులు మళ్లీ తెరుచుకుంటాయి. అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు మాత్రం పాతవాళ్ల పని పడిపోవడం. అది ఇట్లా చూడొచ్చు:

```
git shortlog -sn --no-merges --since="4 weeks ago" --until="2 weeks ago" HEAD
git shortlog -sn --no-merges --since="2 weeks ago" HEAD
```

మొదటిది కొత్తవాళ్లు రాకముందు రెండు వారాలు, రెండోది వచ్చాక రెండు వారాలు. మీ తేదీలకు తగ్గట్టు మార్చుకోండి. కమిట్లు లెక్కపెట్టి మనిషి విలువ కట్టొద్దు, అది అన్యాయం. ఒకే మనిషి అంకెను అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూడండి చాలు. టీంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి అంకె సగానికి పడిపోయిందంటే, ఆ మనిషి బద్ధకించలేదు, రోజంతా పక్కవాళ్లకు చెబుతూ కూర్చుంటున్నాడు.

మొదటి కారణం: పని ఎంత అనేదీ, ఎన్ని రోజులు అనేదీ ఒకటి కావు

ఎకరం నాటుకు కూలీలను రెట్టింపు చేస్తే నాటు సగం పూటలో అయిపోతుంది, కానీ ఎంతమందిని దింపినా వరి కోతకొచ్చే రోజులు తగ్గవు. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు రకాల పనీ కలిసే ఉంటుంది, మనమేమో మొత్తాన్నీ నాటు కింద లెక్కేస్తాం.

మన మిల్లు ప్రాజెక్టులో వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు చదవాలి. లారీ ఊగుతున్నప్పుడు అంకె ఎగిరెగిరి పడుతుంది, అది నిలకడగా నిలిచాకే తీసుకోవాలి. ఇది సరిగ్గా కుదరడానికి రెండు వారాలు. బరువు వస్తే గానీ తూకం చీటీ తేలదు, దానికో వారం. చీటీ తేలితే గానీ లాట్ స్టాకు కుదరదు, ఇంకో వారం. ఆ తర్వాత మిల్లులో అసలు లారీలతో ఒక వారం చూసుకోవాలి. ఒకదాని వెనక ఒకటి, మొత్తం ఐదు వారాలు. ఇరవై మందిని పెట్టినా ఈ గొలుసు ఐదు వారాలే, ఎందుకంటే ఇండికేటర్ ఒకటే, దాని ముందు కూర్చునే కుర్చీ ఒకటే. ఓనర్ చెప్పిన నాలుగు వారాలు ఇక్కడే పోయాయి, ఇంకా నేర్పడం గురించి, మాట్లాడుకోవడం గురించి మనం అనుకోనేలేదు.

రెండో కారణం: నేర్పేది పాతవాళ్లే

కొత్తగా వచ్చినవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా తరుగు ఎందుకు తీస్తారో, తేమ శాతం ఎక్కడ పడుతుందో, ఈ టేబుల్‌లో రెండు బరువులు ఎందుకున్నాయో వాళ్లకు తెలియదు. "అన్నా, ఇది ఎక్కడుంది?" అని అడుగుతారు, అడగడమే కరెక్టు. కానీ ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఇండికేటర్ కోడు రాస్తున్న మనిషి చేతిలో పని ఆగుతుంది. కొత్తవాళ్ల పని మొదట్లో సున్నా అయితే పర్వాలేదు, అది పాతవాళ్ల పనిలోంచి కోత పెట్టడమే అసలు నష్టం. పైగా నలుగురికి పంచిన పనిని ఎనిమిది మందికి మళ్లీ పంచాలి, సగం అయిన పనిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఇవ్వాలి.

మూడో కారణం: మాట్లాడుకోవాల్సిన జంటలు

టీంలో ఎవరికి ఎవరితోనైనా పని పడుతుందనుకుంటే జంటల సంఖ్య ఇదీ:

```
n(n-1)/2
```

నలుగురికి 6. ఎనిమిది మందికి 28. మనుషులు రెట్టింపయ్యారు, జంటలు నాలుగున్నర రెట్లు దాటాయి. నిజానికి అన్ని జంటలూ రోజూ మాట్లాడుకోవు, పనిని బాగా విడదీస్తే చాలా జంటలకు మాటే అవసరం ఉండదు. కానీ ఆలస్యమైన ప్రాజెక్టులో విడదీసే తీరిక ఎవరికుంటుంది? బరువు కిలోల్లో దాచాలా క్వింటాళ్లలోనా అనే చిన్న విషయం ఒకరికి చేరి ఇంకొకరికి చేరకపోతే, స్టాకు లెక్కలో తేడా మిల్లు దగ్గరే బయటపడుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం

మొదటి రెండు వారాలు కొత్త నలుగురి పని సున్నా, పాత నలుగురి సగం టైం నేర్పడానికే. నలుగురు రెండు వారాల్లో 8 మనిషి-వారాలు చేయాల్సింది, 4 మాత్రమే అవుతుంది. మిగిలేది 28. పని మళ్లీ పంచడానికీ, కొత్తవాళ్లు తెలియక చేసిన తప్పులు దిద్దడానికీ ఇంకో 4 కలపండి. మళ్లీ 32కే వచ్చాం, రెండు వారాలు పోయాయి. మూడో వారం నుంచి పాతవాళ్లు రివ్యూలకూ మాటలకూ పోను ఒక్కొక్కరు 0.7 వంతు, కొత్తవాళ్లు 0.5 వంతు పని చేస్తారనుకుందాం. వారానికి మొత్తం 4.8. 32ను 4.8తో భాగిస్తే ఆరున్నర వారాలు దాటుతుంది. ముందటి రెండూ కలిపితే ఎనిమిదిన్నర పైనే. ఎవరినీ కలపకుండా నలుగురే చేసుంటే ఎనిమిది. జీతాలు రెట్టింపు, తేదీ ఇంకా వెనక్కి.

ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వచ్చిన తన పుస్తకంలో రాసింది ఇదే, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. అది బాగా కుదించి చెప్పిన మాట అని ఆయనే అక్కడ ఒప్పుకున్నారు. ఆ కుదింపు ఎక్కడ వర్తించదో కూడా పై లెక్కలోనే ఉంది. మిగిలిన పని 32 కాక 120 మనిషి-వారాలు అనుకోండి. నలుగురికి 30 వారాలు. ఎనిమిది మందితో, అవే కోతలు పెట్టుకుని, 27. మూడు వారాలు మిగిలాయి. ఈ అంకెలతో సరిహద్దు 48 మనిషి-వారాల దగ్గర పడుతుంది, అంటే నలుగురికి పన్నెండు వారాల పని. అంతకంటే ఎక్కువ మిగిలుంటే కలపడం లాభం, తక్కువ మిగిలుంటే నష్టం. మీ నేర్పే టైం రెండు వారాలు కాక నాలుగు వారాలైతే ఆ సరిహద్దు ఇంకా చాలా దూరం జరుగుతుంది. అందుకే మనుషులు కావాలని ముందే అనిపిస్తే ముందే అడగండి, సీజన్ ముంచుకొచ్చాక కాదు.

పరిష్కారం

ఇంకా ఎవరినీ కలపలేదా? అయితే ముందు పని తగ్గించండి. వడ్లు వచ్చే మొదటి రోజు మిల్లుకు నిజంగా కావాల్సింది ఏంటి? గేటు ఎంట్రీ, తూకం, చీటీ, లాట్ స్టాకు. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలనే లెక్క మర ఆడించాక గానీ అవసరం పడదు. ఆ స్క్రీన్లూ రిపోర్టులూ 12 మనిషి-వారాల పని అయితే వాటిని రెండో విడతకు నెట్టండి. మిగిలేది 20, నలుగురికి ఐదు వారాలు. పైన చెప్పిన గొలుసు కూడా ఐదు వారాలే. ఆరో వారం చేతిలో ఉంటుంది. ఈ మాట ఓనర్‌తో, మిల్లువాళ్లతో ఈ రోజే మాట్లాడాలి, ఐదో వారంలో చెబితే ఎవరూ వినరు.

మనుషుల్ని తప్పక తీసుకోవాల్సి వస్తే ఒకరిద్దరినే తీసుకోండి, కోడు లోపలికి పోనక్కర్లేని పని ఇవ్వండి. మిల్లులో కూర్చుని టెస్ట్ చేయడం, పాత రిజిస్టర్లలోని రైతుల పేర్లూ ఊర్లూ ఎక్కించడం, గుమాస్తాకు చీటీ తీయడం నేర్పడం, క్లయింట్ ఫోన్లు ఎత్తడం. ఇవన్నీ ఇప్పుడు మీ డెవలపర్ల టైం తింటున్న పనులే. ఇంతకుముందు ఇదే ప్రాజెక్టులో చేసి వెళ్లిన మనిషి దొరికితే మాత్రం నేరుగా కోడులోకి తీసుకోండి, ఆ మనిషికి నేర్పే ఖర్చు దాదాపు ఉండదు.

ఇప్పటికే నలుగురొచ్చి కూర్చున్నారా? అప్పుడు ఇద్దరిని పైన చెప్పిన పనులకు మార్చండి. మిగతా ఇద్దరికీ ఒక్క మాడ్యూల్ ఇవ్వండి, రెండో విడతదే అయితే మరీ మంచిది, దాని హద్దులు కాగితం మీద రాసివ్వండి: ఏ టేబుళ్లు చదవొచ్చు, వేటిని ముట్టుకోవద్దు, బరువు ఏ కొలతలో వస్తుంది. ప్రశ్నలన్నీ పాతవాళ్లలో ఒక్కరికే పోవాలి, అదీ మధ్యాహ్నం ఒక గంటలోనే. ఇండికేటర్ పని చేస్తున్న మనిషిని ఆ ఒక్కరిగా పెట్టొద్దు, గొలుసు మొత్తం ఆ చేతిలోనే ఉంది. వారం తర్వాత పైన ఇచ్చిన రెండో కమాండును `--since="1 week ago"` పెట్టి మళ్లీ నడిపి చూడండి. పాతవాళ్ల అంకె కొత్తవాళ్లు రాకముందు వారానికి ఉన్న లెక్క దరిదాపుల్లోకి వస్తుంటే మార్పు పనిచేస్తోందని అర్థం. రాకపోతే మాడ్యూల్ మీదున్న ఆ ఇద్దరినీ కూడా మిల్లు పనికి మార్చి, తేదీని ఒక్కసారే, సరిపడా జరపండి.