ట్రాన్స్‌ఫర్ వస్తే బతుకు అయిపోయినట్టేనా? మన ఫీలింగ్ అంచనాని ఎలా చెక్ చేసుకోవాలి

పోయినేడు నాకు తిరుపతి నుంచి చిత్తూరుకి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. పిల్లోళ్ల స్కూల్ వల్ల ఇల్లు మార్చలేం, అంటే రోజూ డెబ్బై కిలోమీటర్లు పోయి మళ్లీ డెబ్బై రావాల, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా దిగలేదు, ఇంక నా పని అయిపోయిందనే అనుకున్నా. ఇట్లా రాబోయేదాన్ని తలుచుకుని మనం వేసుకునే ఫీలింగ్ లెక్క ఎందుకు తప్పుతుందో, దాన్ని ఎట్లా సరిచేసుకోవాలో నేను చేసింది చేసినట్టే చెప్తా.

మొదట ఒక చీటీ మీద నంబర్ రాసిపెట్టండి. సున్నా నుంచి పది దాకా, సున్నా అంటే ఘోరం, పది అంటే స్వర్గం. మూడు నెలల తర్వాత ఒక మామూలు బుధవారం తేదీ చూసుకుని, "ఆ రోజు మొత్తం మీద నేను ఎట్లా ఉంటాను?" అని మిమ్మల్ని మీరే అడగండి. దాని కిందనే ఇంకో ప్రశ్న విడిగా రాయండి, "ఆ విషయం గుర్తొచ్చినప్పుడు ఎట్లా ఉంటుంది?" అని. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ కాదు, ఎందుకో తర్వాత చెప్తా. నేను రెండింటికీ 3 వేశా. ఈ రోజు ఎట్లా ఉందో కూడా వేసుకోండి, నాది మామూలుగా 7. రాయకుండా మనసులో పెట్టుకుంటే మాత్రం వేస్ట్, తర్వాత ఏం జరిగితే అదే ముందే అనుకున్నా అని మన బుర్రే మనకి అబద్ధం చెప్తుంది.

రెండోది, ఆ బుధవారాన్ని గంట గంటకీ రాయండి. అసలు మందు ఇదే. ట్రాన్స్‌ఫర్ అనగానే నా కళ్ల ముందుకొచ్చింది బస్సు ఒకటే, రోజంతా బస్సులోనే కూర్చుంటానన్నట్టు! రాసి చూస్తే పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బస్సు, మిగతాదంతా పాతదే: కాఫీ, ఫైళ్లు, మధ్యాహ్నం డబ్బా విప్పడం, చిన్నోడి హోంవర్క్ దగ్గర గొడవ, పడుకునే ముందు ఫోన్. అమెరికాలో టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ అనే సైకాలజిస్టులు, వాళ్ల తోటివాళ్లు 2000లో అచ్చేసిన పరిశోధనలో ఇదే చేయించారు. కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిస్తే, ఓడితే ఎన్నాళ్లు ఎట్లా ఉంటారని స్టూడెంట్లని అడిగారు, కొందరి చేత మాత్రం ముందుగా రాబోయే ఒక రోజులో ఏ పనికి ఎంత టైం పోతుందో రాయించారు. అట్లా రాసినోళ్ల అంచనాలు అంత అతిగా పోలేదు. లిస్ట్ రాశాక మొదటి ప్రశ్నకి వేసిన నా 3 కాస్తా 5 అయింది.

మూడోది, ఆల్రెడీ అక్కడున్న మనిషిని అడగండి. ఇక్కడ అందరూ చేసే తప్పు "ఎట్లుందన్నా అక్కడ?" అని అడగడం. అట్లడిగితే కష్టాల పురాణం విప్పుతారు. ఏడాదిగా అదే రూట్‌లో తిరిగే ఒకాయనకి ఫోన్ చేసి, "అన్నా, ఈ రోజు నువ్వు పదికి ఎంతలో ఉండావు?" అనడిగా. "ఈ రోజా? ఏముందప్పా, ఆరు వేసుకో" అన్నాడు. గిల్బర్ట్ వాళ్లే 2009లో స్పీడ్ డేటింగ్ మీద, అంటే కొత్తోళ్లు కొన్ని నిమిషాలు మాత్రం కలిసి మాట్లాడుకునే పద్ధతి మీద, చేసిన పరిశోధనలో, అబ్బాయి ఫొటో, వివరాలు చూసి ఊహించుకున్న అమ్మాయిల కంటే, ముందు అతన్ని కలిసిన ఇంకో అమ్మాయి వేసిన మార్కు చూసినోళ్లే తమకి ఎట్లా అనిపిస్తుందో కరెక్ట్‌గా చెప్పగలిగారు. అయినా మనకి పక్కోళ్ల మార్కు మీద నమ్మకం ఉండదు, వాళ్లు వేరు మనం వేరు అనుకుంటాం.

చివరగా, తేదీ వచ్చాక పాత చీటీ తెరవకముందే కొత్త మార్కు వేసుకోండి. నాది 6 వచ్చింది. ఈలోపల నాకు తెలీకుండానే మనసు సర్దుకోవడం మొదలుపెట్టింది, బస్సులో కునుకు బాగా పడుతుంది, సాయంత్రం ఆఫీసోళ్ల ఫోన్లు తగ్గినాయి అని నాకు నేనే చెప్పుకుంటా ఉన్నా. ఈ సర్దుకునే గుణం మనకుందనే సంగతి అంచనా వేసేటప్పుడు అస్సలు గుర్తుండదు. కానీ రెండో ప్రశ్నకి మాత్రం మళ్లీ 3 వచ్చింది! చంద్రగిరి దగ్గర సీటు లేక నిలబడినప్పుడు చిరాకు అప్పుడు అనుకున్నంతా ఉంది. అందుకే రెండు ప్రశ్నలు విడిగా రాయమన్నా. ఆ విషయం మీద కోపం ఎంతుంటుందో మనం బాగానే చెప్పగలం, అది రోజు మొత్తాన్నీ మింగేస్తుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతాం.

ఒకటి గుర్తుపెట్టుకోండి, దీన్ని పట్టుకుని ఉద్యోగం పోయినోళ్ల దగ్గరకో, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నోళ్ల దగ్గరకో వెళ్లి "మూడు నెలల్లో సర్దుకుంటుందిలే" అనొద్దు. అట్లాంటి దెబ్బలు చాలామందికి ఏళ్ల తరబడి ఉంటాయి, కొన్ని పూర్తిగా మానవు కూడా.

సంతోషాలకి కూడా ఇదే పద్ధతి. మళ్లీ తిరుపతికి వేయమని అర్జీ పెట్టుకున్నా, వస్తే స్వర్గమే అనిపించి 10 వేయబోయి, గంటల లిస్ట్ రాశాక 7 దగ్గర ఆగా. చీటీ బీరువాలో ఉంది, ఆర్డర్ వచ్చిన మూడు నెలలకి తెరవాల.