రాత్రి బ్యాచ్‌కు రెండు గడువులు పెట్టాక

మా బ్యాంకు వాయిదాల చెల్లింపుల బ్యాచ్ రాత్రి ఒంటిగంటకు మొదలై 5కి ఆగాలి. ఖాతా నంబరు వరసలో నడిచేది కాబట్టి, ఆ రోజే గడువున్న చెల్లింపులు చివర చిక్కుకుని మిగిలిపోయేవి. ఖాతాదారుకు జరిమానా పడేది. అది నన్ను చాలా బాధించింది.

ముందు వరస మార్చాను:

```
ORDER BY due_date, account_no
```

తరువాత 4:40కి మెత్తని గడువు పెట్టాను. అప్పటి నుంచి కొత్త కట్ట తీసుకోదు, చేతిలో ఉన్నది మాత్రం పూర్తిచేస్తుంది. 500 చెల్లింపుల కట్టకు అత్యధికంగా 12 నిమిషాలు పట్టింది, అందుకే 20 నిమిషాల ఎడం. 5 గంటలది గట్టి గడువు: అప్పటికీ పూర్తికాని కట్టను మొత్తంగా వెనక్కి తిప్పి ఆపేస్తుంది. సగం చెల్లింపులు నమోదై సగం కాకపోవడమే అన్నిటికన్నా ప్రమాదం.

మిగిలినవాటి జాబితా, గడువు తేదీలతో, 5:05కి శాఖకు వెళుతుంది. ఏమీ మిగలకపోయినా ‘మిగిలినవి 0’ అని పంపిస్తాను. ఏ కబురూ రాకపోతే బ్యాచ్ అసలు నడవలేదని వాళ్లకు తెలుస్తుంది.