లడ్డుకు శనగపిండి వేయించే ముందు జాగ్రత్తలు

☐ కర్నూలులో మిషన్‌కు శనగబ్యాళ్లు ఇస్తుంటే, మిరపకాయలు ఆడిన వెంటనే మాత్రం ఆడించుకోకండి. ఆ ఘాటు నెయ్యికీ లొంగదు. పిండి కాస్త బరకగా ఉండాలి.

☐ అడుగు మందంగా ఉన్న బాండ్లి, పొడి గరిటె.

☐ 2 కప్పుల పిండికి అరకప్పు నెయ్యి. పిండి మొదట ముద్దలు కడుతుంది. కంగారుపడి నెయ్యి పెంచొద్దు, వేగేకొద్దీ అదే వదులవుతుంది.

☐ సన్నని సెగ మీద 20 నిమిషాలైనా కలుపుతూనే ఉండాలి. ఫోన్ మోగినా సరే. సెగ పెంచితే రంగు ముందే వస్తుంది, లోపల పచ్చిదనం అలాగే ఉండి లడ్డు నాలుకకు అతుక్కుంటుంది.

☐ ఒక చెంచా పచ్చి పిండి తెల్ల పళ్లెంలో పక్కన పెట్టుకోండి. పసుపు బల్బు కింద రంగు మోసం చేస్తుంది, దీంతో పోల్చి చూడొచ్చు. లేతపసుపు పోయి బంగారు రంగు రావాలి.

☐ రంగు కంటే వాసనే నమ్మకం. పచ్చి పప్పు వాసన పోయి, వేయించిన శనగల కమ్మదనం పక్క గదికీ తెలియాలి. కొంచెం చేదు తగిలిందంటే మాడినట్టే.

☐ దించాక కూడా బాండ్లి వేడికి పిండి వేగుతూనే ఉంటుంది. వెంటనే వెడల్పు పళ్లెంలోకి తీయండి. గోరువెచ్చగా అయ్యాకే చక్కెర పొడి కలపండి.