పత్తి సీజన్ ముంగిట: ధరల ఊగిసలాట లెక్కలో జాగ్రత్తలు

ఆదోని మార్కెట్ యార్డుకు కొత్త పత్తి రావడం మొదలైతే మా బావ జిన్నింగ్ మిల్లులో రోజూ సాయంత్రం ఒకే ప్రశ్న. ఈ రోజు కొన్న సరుకు గింజ తీసి, బేళ్లు కట్టి, అమ్మేలోపు ధర ఎంత పడవచ్చు? కొనుగోలుకూ అమ్మకానికీ మధ్య ఆయనకు సుమారు తొమ్మిది పని దినాలు పడుతుంది. ఆ తొమ్మిది రోజుల నష్ట భయాన్ని రూపాయల్లో చెప్పడానికి ఒక చిన్న పట్టిక చాలు. అయితే ఆ పట్టికను సీజన్ మొదలైన తర్వాత కాదు, ముందే సిద్ధం చేసుకోవాలి. నేను దాన్ని ఆయన కోసం తయారు చేసినప్పుడు చేసిన తప్పులు, నేర్చుకున్న జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను.

ఈ పట్టికలో వాడే పద్ధతిని ఎక్స్‌పొనెన్షియల్లీ వెయిటెడ్ మూవింగ్ యావరేజ్ అంటారు. పేరు పొడవే గానీ లోపల ఉన్నది ఒక్క వాక్యం. నిన్నటి వరకు ఉన్న అంచనాలో ఎక్కువ భాగాన్ని నిలుపుకుని, ఈ రోజు ధరల కదలిక నుంచి కొద్ది భాగాన్ని దానికి కలపడం.

```
v(ఈ రోజు) = λ × v(నిన్న) + (1 − λ) × r²
```

r అంటే నిన్నటి ధరతో పోలిస్తే ఈ రోజు ధర ఎంత శాతం మారింది అనేది. v దాని వర్గాల భారిత సగటు. v కి వర్గమూలం తీస్తే రోజువారీ వొలటిలిటీ, అంటే ధర ఊగిసలాట, శాతంలో వస్తుంది. λ, అంటే లాంబ్డా, ఈ లెక్కకు ఉన్న జ్ఞాపకశక్తి. అది 1కి ఎంత దగ్గరగా ఉంటే పాత రోజులు అంత కాలం గుర్తుంటాయి.

అంకెలతో చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను తీసుకున్న ధరలు, ఏ రోజు మార్కెట్ ధరలూ కావు. సోమవారం క్వింటా 7,200 రూపాయలు, అప్పటికి మన అంచనా రోజుకు 1.2 శాతం, కాబట్టి v 1.44. λ ను 0.94గా పెట్టుకున్నాం. మంగళవారం ధర 7,272 అయింది, అంటే ఒక శాతం పెరిగింది. 1.44లో 0.94 వంతు 1.354, దానికి 0.06 కలిపితే 1.414. బుధవారం ధర మళ్లీ 7,200కి వచ్చింది, v 1.388కి దిగింది, వొలటిలిటీ 1.18 శాతం. రెండు రోజులూ ప్రశాంతం కాబట్టి అంచనా కొద్దిగా తగ్గింది.

గురువారం ధర ఒక్కసారిగా 6,912కి పడింది, 4 శాతం. దాని వర్గం 16, అందులో 0.06 వంతు 0.96. పాత భాగం 1.304. రెండూ కలిస్తే 2.264, వర్గమూలం 1.50 శాతం. ఒకే రోజులో అంచనా 1.18 నుంచి 1.50కి ఎగసింది. శుక్రవారం ఒక శాతమే కదిలితే అది 1.48కి మాత్రమే దిగుతుంది. పెరగడం ఒక్క దూకు, దిగడం మెల్లగా. ఈ లెక్క స్వభావమే అది.

ఇప్పుడు బావ ప్రశ్నకు వద్దాం. 500 క్వింటాళ్ల సరుకు, తొమ్మిది పని దినాలు. వొలటిలిటీ రోజుల సంఖ్యతో కాదు, దాని వర్గమూలంతో పెరుగుతుందని లెక్క. తొమ్మిదికి వర్గమూలం మూడు కాబట్టి రోజువారీ వొలటిలిటీని మూడుతో గుణించాలి. బుధవారం సాయంత్రం ఇది 3.5 శాతం, 36 లక్షల సరుకు మీద సుమారు 1.27 లక్షలు. గురువారం సాయంత్రానికి 4.5 శాతం, ధర తగ్గి 34.56 లక్షలైన అదే సరుకు మీద సుమారు 1.56 లక్షలు. ఇది గరిష్ఠ నష్టం కాదని గట్టిగా గుర్తుంచుకోవాలి. కదలికలు గంట ఆకారపు పంపిణీ ప్రకారం ఉంటే, ఆరు సార్లలో ఒకసారి ఇంతకు మించి పడుతుంది. పంట ధరల్లో పెద్ద దూకులు ఆ పంపిణీ చెప్పిన దానికంటే తరచుగా వస్తాయి. కాబట్టి ఎంత అప్పు తీసుకోవచ్చో ఈ అంకెను బట్టి తేల్చుకునేవారు దానికి కనీసం 1.65 రెట్లు పక్కన పెట్టుకోవాలి.

లాంబ్డా ఎంపిక దగ్గరే చాలామంది తొందరపడతారు. 0.94 అనే అంకె ఎక్కడ వెతికినా కనిపిస్తుంది. జె.పి.మోర్గాన్ సంస్థ 1990లలో విడుదల చేసిన రిస్క్‌మెట్రిక్స్ పద్ధతిలో రోజువారీ లెక్కలకు 0.94, నెలవారీ లెక్కలకు 0.97 ఎంచుకున్నారు. అది కరెన్సీలు, వడ్డీ రేట్లు, షేర్ల సూచీల వంటి వాటికి సరిపడేలా తీసిన అంకె. ఆదోని పత్తికి అదే సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. అయినా మొదటి ఏడాది నేనూ ఆలోచించకుండా దాన్నే పెట్టాను.

అంకెను తలకెక్కించుకోవడానికి సగం ఆయువు చూడండి. ఒక రోజు కదలికకు ఉన్న ప్రాధాన్యం సగానికి తగ్గడానికి పట్టే కాలం అది. 0.94 అయితే సుమారు 11 పని దినాలు, 0.97 అయితే 23, 0.85 అయితే నాలుగు రోజుల పైచిలుకు. పై ఉదాహరణలోనే 0.97 పెడితే గురువారం అంచనా 1.36 శాతం దగ్గర ఆగేది. 0.85 పెడితే 1.88కి ఎగిరేది. అదే మార్కెట్, అవే ధరలు. తొమ్మిది రోజులు సరుకు పట్టుకునే మిల్లుకు 0.85 ప్రతి వర్షానికీ ఉలిక్కిపడుతుంది, 0.97 నిజమైన మార్పును ఆలస్యంగా ఒప్పుకుంటుంది.

మరి ఏది సరైనదో తేల్చడం ఎలా? గత రెండు సీజన్ల ధరలు తీసుకుని, 0.85 నుంచి 0.98 వరకు ఒక్కొక్క లాంబ్డాతో పట్టిక నడిపి, ముందు రోజు సాయంత్రం ఇచ్చిన అంచనా మరుసటి రోజు కదలికకు ఎంత దగ్గరగా ఉందో మార్కులు వేయాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు.

మొదటిది, ఏ రోజు కదలికకు మార్కు వేస్తున్నారో ఆ రోజు కదలిక అంచనాలో కలిసి ఉండకూడదు. పట్టికలో B నిలువు వరుసలో శాతం మార్పు, C నిలువు వరుసలో v ఉంటే, మూడో అడ్డు వరుసలోని B3ని పోల్చవలసింది C2తో. C3తో పోలిస్తే జవాబు చూసి పరీక్ష రాసినట్టే. అలా చేస్తే తక్కువ లాంబ్డాలన్నీ అద్భుతంగా కనిపిస్తాయి.

```
C3:  =0.94*C2+0.06*B3^2
D3:  =LN(C2)+B3^2/C2
```

రెండోది మార్కులు వేసే తీరు. అంచనాకూ r² కూ మధ్య తేడాను వర్గం చేసి సగటు తీయడం అందరికీ తోచే పద్ధతి. కానీ మన మంగళవారం తేడా వర్గం 0.19 మాత్రమే, గురువారం 213. ఒక్క రోజు వెయ్యి రోజులంత బరువు తూగుతుంది. అప్పుడు లాంబ్డాను ఎంచేది సీజన్ కాదు, ఆ ఒక్క గురువారం. D వరుసలో ఇచ్చిన మార్కు ప్రకారం మంగళవారానికి 1.06, గురువారానికి 11.86. తేడా ఉంది, అయినా మిగతా రోజుల మాట కూడా వినిపిస్తుంది. D వరుస సగటు ఏ లాంబ్డాకు తక్కువగా ఉంటే అది తీసుకోండి. 0.92, 0.93, 0.94 మధ్య సగటు దాదాపు సమానంగా వస్తే వాటిలో ఏదైనా చాలు, మూడో దశాంశం కోసం వెంటపడకండి.

ఇక మొదటి అంకె. కొత్త సీజన్‌లో v ఎక్కడ మొదలుపెట్టాలి? సరుకు అంతగా లేని ఎండాకాలపు చివరి రోజుల్లో నిలిచిపోయిన అంకెను అలాగే కొనసాగించకండి, అది కొత్త పత్తి గురించి ఏమీ చెప్పదు. గత ఏడాది కొత్త పత్తి రావడం మొదలైన తొలి 25, 30 రోజుల r² సగటు తీసుకుని దాంతో మొదలుపెట్టడం మేలు. ఈ తొలి అంకె ప్రభావం అనుకున్నంత త్వరగా పోదు. ఇరవై పని దినాల తర్వాత కూడా 0.94తో అందులో 29 శాతం మిగిలి ఉంటుంది, 0.97తో 54 శాతం. తొలి నెలంతా మీరు చూస్తున్నది సగానికి సగం మీరు పెట్టిన ఊహే కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది సెలవులు. ఒక ఏడాది దసరాకు యార్డు ఐదు రోజులు మూసి ఉంటే, ఖాళీ గడులు చూడటానికి బాగా లేవని పాత ధరనే ఐదుసార్లు నింపాను. ఐదు సున్నా కదలికలు. ప్రతి సున్నా v ని 0.94 వంతుకు తగ్గించింది. 1.50 శాతం ఉండవలసిన వొలటిలిటీ 1.29కి జారింది, మార్కెట్ ఒక్క రూపాయి కూడా కదలకుండానే. సరిగ్గా అప్పుడే, సెలవుల తర్వాత సరుకు ఒక్కసారిగా వచ్చిపడే ముందు, పట్టిక ధైర్యం చెప్పింది. "అంకె తగ్గింది కదా, ఇంకో లారీ తీసుకుందామా?" అని బావ అడిగాడు. తీసుకుందామన్నాను. తెరిచిన రోజు ధర పడింది, ఆ లారీ మీద వచ్చిన నష్టం నా గడులు నింపే అలవాటు వల్లే.

మూసిన రోజుల్లో v ని ముట్టుకోకండి. ఆ అడ్డు వరుసలే ఉండకూడదు. తెరిచిన రోజు మార్పును రెండు మూడు రోజుల సెలవైతే మామూలు రోజులాగే కలపండి. సెలవు పొడవైతే ఆ కదలిక చాలా రోజుల వార్తలు కలిసి వచ్చింది కాబట్టి, r² ని సెలవు లేకుంటే గడిచి ఉండే పని దినాల సంఖ్యతో భాగించి కలపడం నాకు నమ్మకంగా ఉంది. ఇంటర్నెట్ నుంచి ధరలు దించుకునేవారు కూడా వరుసగా ఒకే ధర రెండు మూడు రోజులు కనిపిస్తే ఆగి, ఆ రోజు నిజంగా వేలం జరిగిందా లేక పాత అంకె తిరిగి వచ్చిందా అని యార్డులో కనుక్కోవాలి.

ధర కూడా నిజంగా ధరేనా చూడాలి. యార్డు ప్రకటించే మోడల్ ధర, అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, ఆ రోజు వచ్చిన సరుకు మీద ఆధారపడుతుంది. రాత్రి వాన పడి తెల్లారి తడి లాట్లు ఎక్కువ వస్తే అది పడుతుంది, మంచి పత్తి ధర మారకపోయినా. లెక్క మాత్రం దాన్ని మార్కెట్ పతనంగా మింగేసి రెండు వారాలు గుర్తుంచుకుంటుంది. మేమిప్పుడు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉన్న, ఒకే రకం పింజ ఉన్న లాట్ల ధరలు ఐదారు రాసుకుని వాటి మధ్య విలువ తీసుకుంటున్నాం. భారత పత్తి సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొనేది కూడా ఆ తేమ పరిధిలోనే కాబట్టి పోల్చుకోవడం సులువు. ఒక పరిమితి మాత్రం ఉంది. ధర మద్దతు ధరకు దగ్గరైనప్పుడు, కొనుగోలు కేంద్రాలు తెరిచి ఉంటే, కిందికి పడే అవకాశం తగ్గుతుంది. ఆ సంగతి ఈ సూత్రానికి తెలియదు, పైకీ కిందికీ ఒకే కొలత ఇస్తుంది.

సీజన్ మధ్యలో ఒక పని పెట్టుకోండి. ముందు రోజు అంచనాకు 1.65 రెట్లు మించి ధర పడిన రోజులు లెక్కించండి. నూరు రోజుల్లో అయిదారు ఉంటే ఫరవాలేదు. పది దాటితే లాంబ్డా నెమ్మదిగా ఉందో, ధరల్లో తప్పు అంకె పడిందో చూడాలి. 7,200 బదులు 2,700 టైపు చేసిన రోజు పట్టికలో వెంటనే కనిపిస్తుంది, 7,200 బదులు 7,020 అయితే కనిపించదు. తప్పు దొరికితే ఈ రోజు v ని చేత్తో సరిదిద్దకండి. ఆ అడ్డు వరుసకు వెళ్లి ధర మార్చి, అక్కడి నుంచి చివరి వరకు సూత్రాన్ని మళ్లీ నడపండి. లాంబ్డా మార్చినా అంతే, మొదటి అడ్డు వరుస నుంచి తిరిగి లెక్కించి, పాత అంకెను తేదీతో పక్క గడిలో రాసి ఉంచండి.