మాంసం కుందేళ్ల పెంపకం: జత కట్టించిన రోజు నుంచి పిల్లల్ని విడదీసే దాకా ఏం చెయ్యాలి?

కుందేళ్లు పెడదాం అనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ జాతి మంచిది అని. న్యూజిలాండ్ వైట్, కాలిఫోర్నియన్, సోవియట్ చిన్‌చిల్లా, వీటిలో ఏది పెట్టినా మాంసానికి బాగానే వస్తాయి, దాని గురించి ఎక్కువ బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. అసలు లాభం పోయేది ఎక్కడంటే పుట్టిన పిల్లల్లో ఎన్ని పాలు మానే దాకా బతికాయి అన్న దగ్గర. అందుకే ఒక్క తల్లి కుందేలు, ఒక్క ఈత తీసుకుని తేదీల ప్రకారం చెప్తా. జూన్ 1న జత కట్టించాం అనుకుందాం.

అంతకంటే ముందు కేజ్ సంగతి

తల్లి కుందేలుకి రెండున్నర నుంచి మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉండాలి. ఫ్లోర్‌కి వాడే వెల్డ్ మెష్ కన్ను అర అంగుళం ఇంటూ ఒక అంగుళం, తీగ 14 గేజ్. కన్ను ఇంకా పెద్దదైతే కాలు ఇరుక్కుని విరుగుతుంది, మరీ చిన్నదైతే పెంట కిందపడక పేరుకుపోతుంది, ఈ పేరుకున్న పెంటే తర్వాత చెప్పబోయే సగం రోగాలకి మూలం. సైడ్‌లకి పెద్ద కన్ను మెష్ పర్లేదు గానీ కింద నాలుగు అంగుళాలు మాత్రం అర అంగుళం మెష్ కట్టాలి, లేదంటే తల్లి చన్ను పట్టుకుని ఈనే బాక్స్ బయటికి వచ్చేసిన పిల్ల ఆ సందులోంచి కింద పడిపోతుంది. చెక్కతో ఫ్లోర్ వెయ్యొద్దు, కొరికేస్తాయి, ఉచ్చ పీల్చుకుని కంపు కొడుతుంది.

కేజ్ నేల నుంచి రెండున్నర మూడు అడుగుల ఎత్తులో పెట్టండి, కింద ఊడ్చడానికి వీలుగా. పెద్ద కుందేళ్లకి రోజంతా తీగ మీదే కూర్చుంటే వెనక కాళ్ల మడమలు పుళ్లు పడతాయి, కాబట్టి మూలలో ఒక చిల్లుల ప్లాస్టిక్ పలక వెయ్యండి. షెడ్‌లో మీరు వంగి కేజ్ ఎత్తులో ముక్కు పెట్టి చూడండి, కళ్లు మండితే గాలి చాలట్లేదని అర్థం.

జూన్ 1: జత కట్టించడం

ఆడ కుందేలుకి కనీసం అయిదారు నెలల వయసు ఉండాలి. ఎప్పుడూ ఆడదాన్నే మగదాని కేజ్‌లోకి తీసుకెళ్లాలి, మగదాన్ని ఆడదాని దగ్గరికి తెస్తే అది తన చోటు కోసం కొట్లాడి కరిచేస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చెయ్యండి. మగది ఎక్కి ఒక్కసారిగా పక్కకి ధబ్బున పడిపోతే పని అయిపోయినట్టే, ఒక్కోసారి చిన్నగా అరుస్తుంది కూడా, కంగారు పడొద్దు. కుందేలులో అండం విడుదలయ్యేది జత కట్టాకే, సుమారు పది గంటల తర్వాత, అందుకే ఆవులకి మల్లే ఎద కోసం రోజుల తరబడి ఎదురు చూడక్కర్లేదు. ఒక మగదానికి ఎనిమిది, పది ఆడవి సరిపోతాయి. ఒకే రోజు కనీసం రెండు ఆడవాటికి కట్టించండి, ఎందుకో ఈనాక తెలుస్తుంది.

జూన్ 13 నుంచి 15: చూడి కట్టిందా?

మెడ దగ్గర ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి, వేళ్లతో మెత్తగా తడిమితే ద్రాక్ష పండంత గుండ్రంగా, మెత్తగా, జారిపోతూ తగులుతాయి. పెంట ఉండలైతే గట్టిగా చిన్నగా ఉంటాయి, మొదట్లో ఈ తేడా అందరికీ తికమకే, గట్టిగా నొక్కితే మాత్రం పిల్లలు పోతాయి. ఇంకోటి, 16 నుంచి 18 రోజులకే బొచ్చు పీక్కుని గూడు కట్టేస్తుంటే అది ఉత్తుత్తి చూడి, మళ్లీ జత కట్టించుకోవచ్చు.

జూన్ 29: నెస్ట్ బాక్స్

చూడి కాలం దాదాపు 31 రోజులు, కాబట్టి 28వ రోజు బాక్స్ పెట్టాలి. మరీ ముందే పెడితే దాన్నే దొడ్డి చేసేసుకుంటుంది. ఒకటిన్నర అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఎత్తు అడుగు, ముందు వైపు మాత్రం తల్లి దూకేటట్టు ఆరంగుళాలు. లోపల ఎండు గడ్డి పరవండి, మిగతా పరుపు అది తన పొట్ట బొచ్చు పీకి తనే వేసుకుంటుంది.

జూలై 2: ఈనింది

పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. ఇప్పుడు చెయ్యాల్సింది చచ్చినవి తీసేసి లెక్క పెట్టడం. ఉదాహరణకి ఒక తల్లికి 11 పుట్టి ఒకటి చచ్చింది, 10 ఉన్నాయి, కానీ చన్నులు ఎనిమిదే. అదే రోజు ఈనిన రెండోదానికి 5 పిల్లలే. మొదటిదాని నుంచి రెండు తీసి ఇందులో కలిపితే 8, 7 అవుతాయి, అన్నీ పాలు తాగుతాయి. మూడు రోజుల లోపు ఇలా మారిస్తే తల్లి మామూలుగా ఒప్పుకుంటుంది.

తల్లి పిల్లల దగ్గరికి వెళ్లట్లేదని చాలామంది భయపడతారు, కానీ అది రోజుకి ఒక్కసారే, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. పాలు తాగాయో లేదో పొట్ట చూస్తే తెలుస్తుంది, తాగినదానికి పొట్ట ఉబ్బి చర్మంలోంచి తెల్లగా పాలు కనపడతాయి, తాగనిది ముడతలు పడి ఉంటుంది. అన్నీ ముడతలు పడి ఉంటే తల్లిని పట్టుకుని చన్నులు చూడండి, ఎర్రగా లేక నీలంగా గట్టిపడి వేడిగా ఉంటే పొదుగు వాపు, ఆ పిల్లల్ని వేరే తల్లికి మార్చొద్దు, రోగం దానికీ అంటుతుంది, వెంటనే డాక్టర్‌ని పిలవండి. చల్లబడిపోయిన పిల్ల దొరికితే ముందు వెచ్చబెట్టి తర్వాతే గూట్లో పెట్టండి.

కళ్లు పదో రోజుకి తెరుచుకుంటాయి, మూడో వారంలో బయటికి వచ్చి తల్లి మేతే కొరకడం మొదలెడతాయి. ఈ టైమ్‌లో తల్లికి పెల్లెట్, నీళ్లు కొలత పెట్టొద్దు, తాగినన్ని నీళ్లు ఉండాలి, నీళ్లు ఆగితే పాలు ఆగుతాయి.

ఆగస్టు 1 దగ్గర: విడదీయడం, అసలు గండం

ముప్పయ్యో రోజుకి విడదీస్తాం కదా, తర్వాత మూడు నాలుగు వారాలే ఎక్కువ చస్తాయి. కారణం ఎక్కువగా కాక్సిడియోసిస్ అనే పరాన్నజీవి రోగం. పిల్ల ముడుచుకుని కూర్చుంటుంది, పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు, వెనక భాగం తడిగా ఉంటుంది, చచ్చినదాన్ని కోసి చూస్తే కాలేయం మీద తెల్ల మచ్చలు ఉండొచ్చు. ఇది పెంట నుంచే నోట్లోకి వెళ్తుంది, కాబట్టి మేత నేల మీద వెయ్యకండి, పెంట నిలవనీయకండి. విడదీసేటప్పుడు తల్లిని తీసేసి పిల్లల్ని అదే కేజ్‌లో ఉంచండి, వారం పాటు మేత మార్చొద్దు, తడి పచ్చగడ్డి అసలొద్దు, ఎండుగడ్డి దండిగా పెట్టండి. మందు డాక్టర్ చెప్పినదే. ముఖ్యంగా అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి రెండు మూడు రోజుల్లో అదే పోతుంది, కోళ్లకి వాడాం కదా అని పొయ్యకండి.

చెవిలో గోధుమ రంగు పొలుసులు, తల విదిలించడం అంటే గజ్జి. పొలుసులు పీకొద్దు, రక్తం వస్తుంది, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ డాక్టర్ చేత వేయించి రెండు వారాలకి మళ్లీ వేయించాలి. తుమ్ముతూ, ముందు కాళ్ల లోపలి బొచ్చు అట్టకట్టి ఉంటే అది ముక్కు తుడుచుకుంటోందని అర్థం, అది పాశ్చురెల్లా అనే బాక్టీరియా రోగం కావచ్చు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది కాబట్టి అలాంటిదాన్ని బ్రీడింగ్‌కి ఉంచకపోవడమే మేలు. ఏ మందు వాడినా మాంసానికి అమ్మే ముందు ఎన్ని రోజులు ఆగాలో అడిగి కేజ్ కార్డు మీద రాయండి.

పిల్లలు సెప్టెంబర్ చివరికి, అంటే పన్నెండు వారాలకి, దాదాపు రెండు కిలోలకి వస్తాయి. తల్లిని జూలై 16కే మళ్లీ కట్టించేవాళ్లున్నారు, కొత్తవాళ్లకి అది వద్దనే అంటా, పాలిస్తూ చూడితో ఉన్నది సన్నబడిపోతుంది. పిల్లల్ని విడదీసే టైమ్‌కి వీపు ఎముక గట్టిగా తగలకపోతేనే కట్టించండి. ఎండాకాలంలో కట్టించినా చూడి కట్టకపోతే ఆడదాన్ని తప్పు పట్టకండి, షెడ్‌లో 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే మగదాని వీర్యం దెబ్బతింటుంది, చల్లబడ్డాక కూడా మామూలు అవడానికి రెండు నెలల దాకా పట్టొచ్చు.